ఆరు షీట్లు ఎందుకు చాలవు: 11×13 గదికి జిప్సం సీలింగ్ సామాను లెక్క

ఖమ్మంలో మా అక్కా వాళ్ళు పడకగదికి ఫాల్స్ సీలింగ్ వేయించుకుందామనుకున్నప్పుడు సామాను లెక్క చూసిపెట్టమని నన్ను పిలిచారు. గది 11 అడుగులు, 13 అడుగులు. షాపులో అడిగితే ఒక్క నిమిషంలో చెప్పేశారు: 143 చదరపు అడుగులు, షీటు 24 చదరపు అడుగులు, భాగిస్తే 5.96, కాబట్టి 6 షీట్లు. బావగారు ఆ కాగితం నా చేతిలో పెట్టి, "లెక్క సరిగ్గానే ఉంది కదా, ఆర్డర్ ఇచ్చేద్దామా?" అన్నారు. భాగహారం సరిగ్గానే ఉంది. ఆ 6 షీట్లతో మాత్రం ఆ గది పూర్తి కాదు. నీళ్ళయితే ఏ పాత్రలో పోసినా ఆ ఆకారంలో సర్దుకుంటాయి, షీటు అలా సర్దుకోదు. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న గట్టి పలక అది. కోసిన ప్రతిసారీ ఒక ముక్క మిగులుతుంది. ఆ ముక్క ఇంకోచోట పనికొస్తుందా లేదా అన్నదాని మీదే షీట్ల సంఖ్య ఆధారపడి ఉంటుంది.

షీట్ల కన్నా ముందు పైన వచ్చే ఇనుప చట్రం గురించి చెప్పాలి. షీటు ఎక్కడ కోయాలో నిర్ణయించేది ఆ చట్రమే. అందులో ముఖ్యమైనవి మూడు రకాల చానెళ్ళు. గోడ చుట్టూ లెవెల్ గీత మీద బిగించేది పెరిమీటర్ చానెల్. స్లాబుకు వేలాడుతూ, గదిలో ఒక దిశలో దూలాల్లా సాగేది ఇంటర్మీడియట్ చానెల్, పనివాళ్ళ నోట్లో అది 'ఇంటర్'. ఇంటర్‌లకు అడ్డంగా, వాటి కింద క్లిప్పులతో పట్టి ఉండేది సీలింగ్ సెక్షన్. షీటును స్క్రూలతో బిగించేది ఈ సెక్షన్‌కే. మూడూ మామూలుగా 3,660 మిల్లీమీటర్ల కడ్డీలుగా, అంటే 12 అడుగుల పొడవులో వస్తాయి.

ఇంటర్ నుంచి ఇంటర్‌కు ఎక్కువలో ఎక్కువ 1,220 మిల్లీమీటర్లు, అంటే 4 అడుగులు. సెక్షన్ నుంచి సెక్షన్‌కు 457 మిల్లీమీటర్లు, అంటే 18 అంగుళాలు. ఈ 18 అంగుళాలు ఎక్కడి నుంచి వచ్చాయో అర్థమైతే మిగతా లెక్క దానంతటదే నడుస్తుంది. షీటు పొడవు 6 అడుగులు, అంటే 72 అంగుళాలు. 72ని 18తో భాగిస్తే సరిగ్గా 4. షీటును సెక్షన్లకు అడ్డంగా వేస్తే దాని చివర కచ్చితంగా ఒక సెక్షన్ నడిమధ్యన పడుతుంది. సెక్షన్ కింది ముఖం వెడల్పు 51.5 మిల్లీమీటర్లు. ఒక షీటు చివర సగం ముఖం మీద, పక్క షీటు చివర మిగతా సగం మీద కూర్చుంటాయి. ఒక్కోదానికి దక్కేది 25 మిల్లీమీటర్ల చోటే. స్క్రూ అంచు నుంచి 15 మిల్లీమీటర్ల దూరంలో పడాలి. సెక్షన్ ఒక అంగుళం పక్కకు జరిగితే ఒక షీటు చివరకు అసలు పట్టే ఉండదు. 4 అడుగుల వెడల్పు 18 అంగుళాల లెక్కకు కుదరదు కాబట్టి, షీటును సెక్షన్లకు సమాంతరంగా వేసేస్తే ఈ అమరిక అంతా చెడిపోతుంది. ఎక్కడైనా 8 అడుగుల షీట్లు తెస్తే అప్పుడు 18 కాదు, 16 అంగుళాల దూరం పెట్టుకోవాలి. అప్పుడు 96 అంగుళాలు సరిగ్గా 6 భాగాలవుతాయి.

ఇక గదికి వద్దాం. టేపు పట్టేముందు ఒక జాగ్రత్త: పొడవు, వెడల్పు ఒక్కోటి మూడు చోట్ల కొలవాలి, అదీ సీలింగ్ వచ్చే ఎత్తులో కొలవాలి. ప్లాస్టరింగ్ మందం వల్ల ఒక చివర 11 అడుగులున్న గది రెండో చివర 11 అడుగుల ఒకటిన్నర అంగుళం ఉండటం మామూలే. లెక్కకు పెద్ద కొలతే తీసుకోవాలి. మా అక్కా వాళ్ళ గది అదృష్టం కొద్దీ అన్ని చోట్లా 11కి, 13కి అటూ ఇటూ అర అంగుళంలోపే ఉంది.

షీట్లను 13 అడుగుల వైపు పొడవుగా వేయాలనుకున్నాం. అప్పుడు సెక్షన్లు 11 అడుగుల వైపు సాగుతాయి, ఇంటర్‌లు మళ్ళీ 13 వైపు. 11 అడుగుల వెడల్పులో 4 అడుగుల వరుసలు రెండు, ఆపైన 3 అడుగుల వరుస ఒకటి. మొదటి వరుస 6, 6, 1 అడుగుల ముక్కలతో నిండుతుంది. రెండో వరుసలో కూడా అలాగే మొదలుపెడితే షీట్ల చివరి జాయింట్లన్నీ ఒకే గీత మీదకు వస్తాయి, పగులు వచ్చేది ఆ గీత వెంటే. అందుకని రెండో వరుస 3 అడుగుల ముక్కతో మొదలుపెట్టి, తర్వాత 6, చివర 4 వేయాలి. మూడో వరుస మళ్ళీ 6, 6, 1, కానీ వెడల్పు 3 అడుగులు.

ఇప్పుడు కోత చూడండి. మొదటి రెండు వరుసల్లో నిండు షీట్లు మూడు. రెండో వరుసలోని 4 అడుగుల ముక్క, మొదటి వరుసలోని 1 అడుగు ముక్క ఒకే షీటులోంచి వస్తాయి. 3 అడుగుల ముక్కకు ఇంకో షీటు కోస్తే 3 అడుగులు మిగులుతుంది. ఇక్కడికి 5 షీట్లు. మూడో వరుసకు రెండు షీట్లను నిలువునా 3 అడుగులకు కోయాలి, దాని చివరి 1 అడుగు ముక్క ఇందాక మిగిలిన 3 అడుగుల ముక్కలోంచి వస్తుంది. మొత్తం 7. కొన్నది 168 చదరపు అడుగులు, గదికి పట్టింది 143, మిగిలిన 25 చదరపు అడుగులు ముక్కల రూపంలో పక్కన పడతాయి. ఆరు షీట్లతో మొదలుపెట్టి ఉంటే, మూడో వరుస సగంలో పని ఆగి, ఒక్క షీటు కోసం మళ్ళీ ఆటో మాట్లాడుకోవాల్సి వచ్చేది.

షీట్లను అడ్డంగా తిప్పి 11 వైపు వేస్తే తగ్గుతాయా అని కూడా చూశాను. అప్పుడు 4 అడుగుల వరుసలు మూడు, చివర 1 అడుగు వెడల్పు వరుస ఒకటి వస్తాయి. లెక్క వేస్తే అప్పుడూ 7 షీట్లే. తేడా అంతా ఇనుములో ఉంది, దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

మేం వేసిన తీరులో ఒక ఇబ్బంది ఉంది. 13 అడుగుల చివర రెండు వరుసల్లో 1 అడుగు ముక్కలు వస్తాయి. షీటు పొడవాటి అంచులు పలుచగా వాలి ఉంటాయి కాబట్టి టేపూ పుట్టీ ఆ పల్లంలో కూర్చుని కనపడకుండా పోతాయి. పొట్టి అంచుకు ఆ వాలు ఉండదు. అక్కడ జాయింటు కొద్దిగా ఉబ్బుగానే ఉంటుంది, కిటికీ వెలుతురు ఏటవాలుగా పడితే గీతలా కనిపిస్తుంది. ఆ ముక్కలు కిటికీ గోడ వైపు రాకుండా, అల్మారా ఉన్న గోడ వైపు పడేలా వరుసలు రెండో చివర నుంచి మొదలుపెట్టించాం. 1 అడుగు ముక్కలే వద్దనుకుంటే మొదటి, మూడో వరుసలను నాలుగున్నర అడుగుల ముక్కతో మొదలుపెట్టవచ్చు, కానీ అప్పుడు 8 షీట్లు కావాలి. మూడో వరుసలో 3 అడుగులకు నిలువునా కోసేటప్పుడు కోసిన అంచు గోడ వైపు, వాలు అంచు జాయింటు వైపు ఉండాలి. చాలామంది పనివాళ్ళు తొందరలో దీన్ని తిప్పేస్తారు.

ఇనుము లెక్కలో పెరిమీటర్ అన్నిటికన్నా సులువు. చుట్టుకొలత 48 అడుగులు, 12 అడుగుల కడ్డీలు 4. 11 అడుగుల గోడలకు రెండు కడ్డీలు కోస్తే ఒక్కో అడుగు ముక్క మిగులుతుంది. 13 అడుగుల గోడలకు ఒక్కో నిండు కడ్డీకి ఆ అడుగు ముక్క జతచేస్తే సరిపోతుంది. గోడకు ప్రతి 2 అడుగులకు ఒక ప్లగ్గు, స్క్రూ, మూలల్లోనూ ఆ అడుగు ముక్కలకూ అదనంగా కలిపి 28 దాకా పడతాయి.

ఇంటర్‌లు 13 వైపు సాగుతాయి కాబట్టి వాటిని 11 అడుగుల వెడల్పులో పంచాలి. మొదటి లైను గోడకు అడుగున్నర దూరంలో, తర్వాత 4, మళ్ళీ 4, చివరి లైను అవతలి గోడకు అడుగున్నరలో. మొత్తం మూడు లైన్లు. గోడ దగ్గర పెరిమీటర్ ఉంది కదా, మధ్యలో రెండు లైన్లు చాలు అనేవాళ్ళుంటారు. సెక్షన్ బరువునంతా గోడ ప్లగ్గుల మీద వేయడం నాకిష్టం లేదు, మూడో లైనుకయ్యేది ఒక కడ్డీ ఖర్చే. 12 అడుగుల కడ్డీతో 13 అడుగుల లైను రావాలంటే ముక్క అతకాలి, అతుకు దగ్గర అర అడుగు ఒకదానిమీద ఒకటి ఎక్కాలి. అంటే లైనుకు అదనంగా కావలసింది 1 అడుగు కాదు, ఒకటిన్నర. మూడు లైన్లకు నాలుగున్నర అడుగులు, అది నాలుగో కడ్డీలోంచి వస్తుంది. ఇంటర్‌లు 4 కడ్డీలు. అతుకులన్నీ ఒకే పక్కకు రాకుండా ఒక లైనుకు ఈ చివర, పక్క లైనుకు ఆ చివర పెట్టించండి.

సెక్షన్లు గోడ నుంచి 18 అంగుళాలకొకటి: ఒకటిన్నర, 3, నాలుగున్నర అలా 12 అడుగుల దాకా లెక్కపెడితే 8. ఒక్కోటి 11 అడుగులు, 12 అడుగుల కడ్డీ నుంచి అతుకు లేకుండా వచ్చేస్తుంది. 8 కడ్డీలు, ఎనిమిదింటి నుంచీ అడుగు చొప్పున ముక్క వృథా. అడ్డంగా తిప్పి వేసే పద్ధతిలో సెక్షన్లు 13 అడుగులవి 7 కావాలి, అతుకు కలుపుకుంటే అవీ 8 కడ్డీలే, ఇంటర్‌లూ 4 కడ్డీలే. కానీ అతుకులు మూడు కాస్తా ఏడవుతాయి, అవీ షీటును నేరుగా పట్టుకునే పలుచటి సెక్షన్లలో. కొనే సామాను రెండిటికీ ఒకటే కాబట్టి అతుకులు తక్కువున్న దిశనే ఎంచుకున్నాం. గది వెడల్పు 12 అడుగుల 3 అంగుళాలైతే మాత్రం ఆలోచన మారిపోతుంది. సెక్షన్ రెండు పక్కలా ఒకటిన్నర అంగుళం చొప్పున చాలదు, పెరిమీటర్ అంచు దాన్ని అందుకోలేదు. ఆ 3 అంగుళాల కోసం ప్రతి సెక్షన్‌కూ అతుకు వేయాల్సి వస్తుంది. అలాంటి గదిలో రెండు దిశలూ లెక్క వేసి చూడకుండా ఆర్డర్ ఇవ్వకూడదు.

ఇంటర్ ఒక్కో లైనును స్లాబుకు నాలుగు చోట్ల వేలాడదీశాం: చివరల నుంచి అర అడుగులో ఒక్కోటి, మధ్యలో 4 అడుగులకొకటి. మూడు లైన్లకు 12 చోట్లు. ఒక్కోచోట స్లాబులో దిగి పట్టుకునే ఒక యాంకర్ ఫాస్ట్‌నర్, దానికి బిగించే చిన్న ఇనుప క్లీటు ఒకటి, దాన్నుంచి కిందికి దిగే ఒక యాంగిల్ ముక్క. స్లాబు నుంచి మేం సీలింగు దింపిన దూరానికి యాంగిల్ ముక్క 9 అంగుళాలు, 12 ముక్కలకు 9 అడుగులు. ఇంటర్, సెక్షన్ కలిసే ప్రతిచోటా ఒక క్లిప్పు: మూడు ఎనిమిదులు 24. పన్నెండున్నర మిల్లీమీటర్ల షీటు ఒక్కోటి సుమారు 20 కిలోలు తూగుతుంది. గది మొత్తానికి షీట్ల బరువే సుమారు 120 కిలోలు, ఇనుము ఇంకా వేరు. ఫ్యాను బరువు ఈ చట్రం మీద పడకూడదు. దాని రాడ్డు సీలింగులోని రంధ్రం గుండా స్లాబు హుక్కుకే వెళ్ళాలి.

స్క్రూల దగ్గర లెక్క తప్పడం ఎక్కువ, ఎందుకంటే డబ్బాల్లో కొంటాం కాబట్టి ఎవరూ లెక్కపెట్టరు. పన్నెండున్నర మిల్లీమీటర్ల షీటుకు 25 మిల్లీమీటర్ల డ్రైవాల్ స్క్రూ వాడాలి. షీటునూ సెక్షన్‌నూ దాటి అవతలకు కనీసం 10 మిల్లీమీటర్లు మిగిలితే దాని మరలు ఇనుమును పట్టుకుంటాయి. దూరం 230 మిల్లీమీటర్లు, అంటే 9 అంగుళాలు. 4 అడుగుల వెడల్పున్న షీటు ఒక సెక్షన్ మీద వెళ్ళేచోట 6 స్క్రూలు, 3 అడుగుల ముక్కకు 5. ఒక సెక్షన్ మూడు వరుసల మీదుగా సాగుతుంది కాబట్టి 6, 6, 5 కలిపి 17, ఎనిమిది సెక్షన్లకు 136. షీట్ల చివరలు కలిసేచోట ఒకే సెక్షన్ మీద రెండు అంచులు ఉంటాయి, అక్కడ స్క్రూలు రెండు వరుసలు పడాలి. మన గదిలో అలాంటి జాయింట్లు 4 అడుగులవి నాలుగు, 3 అడుగులవి రెండు, వాటికి అదనంగా 34. గోడ వెంబడి పెరిమీటర్‌కు 9 అంగుళాల చొప్పున 64. అంతా కలిపితే 234. వంకరపోయేవి, కింద పడేవి కలుపుకుని 270 అనుకోండి. దీని మీద యాంగిల్‌ను ఇంటర్‌కు పట్టేందుకు, ఇంటర్ అతుకులకు పొట్టి ఇనుప స్క్రూలు వేరే, చోటుకు రెండు, అతుకుకు నాలుగు చొప్పున 36.

ఈ లెక్క తెలిసి ఉంటే పని అయిపోయాక కూడా పరీక్షించవచ్చు. అక్కా వాళ్ళ ఇంట్లోనే హాలుకు రెండేళ్ళ కిందట వేరే పనివాళ్ళు సీలింగ్ వేశారు. ఇప్పుడు సాయంత్రం లైటు వేస్తే షీటు అక్కడక్కడా కిందికి జారినట్టు అలలు కనిపిస్తున్నాయి. ఫ్రిజ్ మీద అంటించుకునే చిన్న అయస్కాంతాన్ని నిచ్చెన ఎక్కి సీలింగు మీద మెల్లగా జరుపుకుంటూ వెళ్ళాను. రంగు కింద స్క్రూ తల ఉన్నచోట చేతికి చిన్న లాగు తెలుస్తుంది, అక్కడ పెన్సిలుతో చుక్క పెట్టాను. పది నిమిషాల్లో చుక్కలు వరుసలయ్యాయి. వరుసకూ వరుసకూ మధ్య టేపు పెడితే 24 అంగుళాలు. ఒక వరుసలో చుక్కకూ చుక్కకూ 14, 15 అంగుళాలు. 24 పెట్టినా 6 అడుగుల షీటు చివర సెక్షన్ మీదే పడుతుంది కాబట్టి వేసేటప్పుడు ఎవరికీ అనుమానం రాదు. జాయింట్లు పట్టుకునే ఉంటాయి, వాటి మధ్య భాగం మాత్రం వానాకాలపు తేమ పట్టిన ప్రతిసారీ ఇంకొంచెం కిందికి వంగుతుంది. మన 11×13 గదిలో ఇలా చేస్తే మిగిలేది రెండు సెక్షన్ కడ్డీలు, అంతే.

ఇనుము మందం మీద కూడా ఇలాంటి మోసమే జరుగుతుంది, దాన్ని కొనేటప్పుడే పట్టుకోవచ్చు. సెక్షన్ మందం అర మిల్లీమీటరు ఉండాలి. కంటికి 0.5 ఏదో 0.4 ఏదో తెలియదు, తూకానికి తెలుస్తుంది. 51.5 ముఖం, 26 చొప్పున రెండు రెక్కలు, వాటి చివర పదిన్నర చొప్పున మడతలు, అంతా విప్పితే రేకు వెడల్పు 124.5 మిల్లీమీటర్లు. అర మిల్లీమీటరు మందంలో 12 అడుగుల కడ్డీ సుమారు 1.8 కిలోలు తూగుతుంది, 0.4 అయితే 1.4 కిలోలే. పది కడ్డీలు కట్టగట్టి తూకం వేయమంటే 18కి బదులు 14 కిలోలు చూపిస్తుంది, ఇక వాదన అక్కర్లేదు. మేం కొన్నది తూకం వేయించుకునే కొన్నాం. షాపతను మొదట చిరాకుపడ్డా, "సరే సార్, మీ ఎదురుగానే వేస్తాను" అని వేశాడు.

స్క్రూ బిగించే తీరు చూడటానికి మొదటి షీటు ఎక్కేటప్పుడు పక్కనే నిలబడండి. తల షీటు పైకాగితం కన్నా వెంట్రుకవాసి లోపలికి దిగి ఆగాలి, కాగితం చిరగకూడదు. షీటును పట్టి ఉంచేది లోపలి జిప్సం పొడి కాదు, ఆ కాగితమే. చిరిగితే ఆ స్క్రూ లేనట్టే లెక్క, రెండంగుళాల పక్కన ఇంకోటి వేయించాలి. డ్రిల్లింగ్ మిషన్‌తో వేగంగా వేసేవాళ్ళ చేతిలో ఇది ఎక్కువ జరుగుతుంది, 234 మీద 36 డ్రైవాల్ స్క్రూలు అదనంగా పెట్టుకున్నది అందుకు కూడా.

ఇదంతా చదునైన సీలింగు లెక్క. చుట్టూ దిగి మధ్యలో పైకి ఎక్కే డిజైనైతే ఆ నిలువు ముఖానికి షీటు, దాని రెండు అంచులకూ చానెల్ వేరుగా లెక్కవేయాలి. 143 చదరపు అడుగుల అంకెలోంచి అవేవీ రావు. నేలమీద సుద్దతో గది గీసి, షీట్లు ఎలా పరుస్తారో పనివాళ్ళతోనే గీయిస్తే ఆ డిజైనుకూ లెక్క తేలుతుంది. మేం చదునైన సీలింగుకే అలా గీయించాం. గీత పూర్తయ్యేసరికి మేస్త్రీయే బావగారితో, "ఏడు తెండి సార్, తీసుకుంటే ఎనిమిది తీసుకోండి, మిగిలింది నేనే షాపుకు తిరిగిచ్చేస్తా" అన్నాడు. ఎనిమిదోది తిరిగి వెళ్ళిపోయింది.